నూట అరవై ఆరున్నొకటి

కోదండరాం గారికి మనుషుల మీద నమ్మకం బాగానే ఉంది. నమ్మకం లేనిదల్లా వాళ్ళ చెవుల మీద. చెప్పింది ఒకటి, విన్నది ఒకటి, చేసింది ఇంకొకటి అన్నది డెబ్భై ఏళ్ళ బతుకులో ఆయన తేల్చుకున్న సంగతి. అందుకని ఏ పనైనా కాగితం మీదికెక్కి, కింద సంతకం, పక్కన గుండ్రటి ముద్ర పడితేనే అది అయినట్టు. నెలాఖరుకి పాలవాడి దగ్గర కూడా రసీదు అడుగుతారు. పాలవాడు నవ్వి, క్యాలెండరు చింపిన ముక్క మీద రాసిస్తాడు. దాన్ని కూడా ఆయన ఫైల్లో పెట్టుకుంటారు.

ఆ సోమవారం పొద్దున పదిన్నరకి బ్యాంకులో ఆయన పక్కన కూచున్నది కోడలు ఆరతి. పెళ్ళయి నాలుగు నెలలు. పుట్టిల్లు చెన్నై శివారు అంబత్తూరు. తండ్రి అక్కడి ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేసి రిటైరయ్యాడు. తరాలుగా కొత్తవాల్ చావడిలో చింతపండు మండీ నడుపుతున్న ఇంట్లో అడుగుపెట్టాక ఆ పిల్లకి అన్నీ కొత్తే. భర్త అమరనాథ్ తెల్లారకముందే ఎన్నూరు పోర్టు డ్యూటీకి పోతాడు కనక, మామగారికి ఏ ఆఫీసు పని పడినా తోడు వెళ్ళడం తన వంతయింది. అది తనకి ఇష్టం కూడాను. ఈ ఇంట్లో తనని పనికొచ్చే మనిషిగా చూస్తున్నారనిపించేది అప్పుడే.

వాళ్ళు వచ్చిన పని ఇది. రెండు వారాల కిందట అత్తగారు మంగమ్మకి కంటి శుక్లం తీశారు. ఆస్పత్రి బిల్లు ఎంతవుతుందో తెలియక, కోదండరాం గారు చెక్కు పుస్తకంలోంచి తొందరలో పై లీఫు వదిలేసి దాని కింది లీఫు చింపి, సంతకం పెట్టి, పేరూ అంకెలూ ఖాళీగా వదిలి చొక్కా జేబులో పెట్టుకున్నారు. తీరా చూస్తే అమరనాథ్ కార్డు గీకి పని కానిచ్చేశాడు. లీఫు జేబులోనే ఉండిపోయింది. నిన్న ఆదివారం అదే చొక్కా తొడుక్కుని మాధవరంలో బంధువుల ఇంటికి బస్సులో వెళ్ళొచ్చారు. రాత్రి చొక్కా విప్పబోతూ చూసుకుంటే జేబులో బస్సు టికెట్టు ఉంది, లీఫు లేదు.

మామూలు రోజైతే ఇంత గాభరా పడేవారు కాదు. అది ఆయనా మంగమ్మా కలిసి పెట్టుకున్న సొంత ఖాతా. మండీ లెక్కలతో సంబంధం లేదు. అందులో ఉన్నది యాభై వేలకి అటూ ఇటూ. కానీ ఆ డబ్బుకి ఇవాళ పని పడింది. మండీలో ముప్పై ఏళ్ళుగా చింతపండు గింజ తీసే రాసాత్తి కూతురికి నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. ఫీజు నలభై రెండు వేలు తాను కడతానని మంగమ్మ మాటిచ్చింది. శనివారమే కాలేజీ పేరున చెక్కు రాసిచ్చారు. కాలేజీ వాళ్ళు ఇవాళ బ్యాంకులో వేస్తారు. ఇవాళే ఆఖరు రోజు. చెక్కు తిరిగొస్తే సీటు రద్దు చేసి వరసలో తరవాతి పిల్లకి ఇస్తామని నోటీసు బోర్డు మీద రాసి పెట్టారు. ఈ లోపల దారిన పోయే దానయ్య ఎవడైనా ఆ దొరికిన లీఫు మీద తన పేరు రాసుకుని ముందుగా డబ్బు లాగేశాడంటే రాసాత్తి కూతురి చెక్కుకి ఏమీ మిగలదు.

"రాసాత్తికి నేనేం ముఖం చూపించేది?" అని రాత్రంతా నిద్ర లేదు ఆయనకి.

కౌంటరు అవతల ఆఫీసరు హరిచరణ్. ఊరు విజయవాడ పక్కన. చెన్నైకి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. తమిళం ఇంకా గొంతు దిగని మనిషి కనక, తెలుగు వినబడితే చాలు కుర్చీలోంచి లేచి పలకరిస్తాడు.

"రండి బాబాయ్ గారూ, కూర్చోండి. ఏంటి ఇంత పొద్దున్నే?"

కోదండరాం గారు సంగతంతా బస్సు టికెట్టుతో సహా చెప్పారు. హరిచరణ్ ఒక ఫారం తీసి ఇచ్చాడు.

"స్టాప్ పేమెంట్ పెట్టేద్దామండి. కంగారేం లేదు. ఖాతా నంబరు, చెక్కు నంబరు, ఎన్ని లీఫులు, ఎందుకు ఆపమంటున్నారు, ఇవి నింపి సంతకం పెట్టండి. పేరూ మొత్తం ఖాళీ కాబట్టి అవి వదిలేయండి. మీది ఇద్దరి ఖాతా అయినా ఆపడానికి ఒక్కరి సంతకం చాలు. కాకపోతే చెక్కు నంబరు మాత్రం ఖచ్చితంగా ఉండాలండి. మా సిస్టమ్ చూసేది దాన్నే."

చెక్కు నంబరు! కోదండరాం గారు జేబులు తడుముకున్నారు. చెక్కు పుస్తకం ఇంట్లో ఉంది. కళ్ళద్దాలు కూడా ఇంట్లోనే ఉన్నాయి. కాగితమంటే ప్రాణం పెట్టే మనిషి బయలుదేరిన తొందరలో కాగితమూ మరిచారు, దాన్ని చదివే అద్దాలూ మరిచారు. హరిచరణ్ ఈ లోపల పక్కనున్న ఒక మార్వాడీ ఆయన డిపాజిట్టు కాగితాలు చూడ్డంలో పడ్డాడు.

"అత్తకి ఫోన్ కొట్టు ఆరతమ్మా," అన్నారు కోదండరాం గారు. "పుస్తకం ముందర రాసి పెట్టి ఉండా. అది సూసి సెప్తుంది."

మంగమ్మది బటన్ల ఫోను. ఫోటో తీసి పంపడం లాంటి విద్యలు దానికి రావు. ఆరతి స్పీకరు పెట్టింది.

"అత్తా, చెక్ బుక్ ముందర మామ రాసి పెట్టిన లిస్టు ఉందంట. ఆస్పత్రికని చింపిన లీఫ్ నంబర్ ఏమని కొంచెం చూసి చెప్తారా?"

"ఉండు ఉండు, కొత్త కన్నుతో సూస్తా ఉండాను," అంది మంగమ్మ. ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆవిడకి ఆ కంటి మీద మహా గర్వం. ఎదురు మేడ మీద ఆరేసిన చీరల అంచులు కూడా లెక్కపెడుతోంది. "ఆఁ, ఈడ ఉండాది. ఆస్పత్రి అని రాసినారు మీ మామ. రాసుకో. నూట అరవయ్యారున్నొకటి."

"నూట అరవై ఆరు, ఒకటి," అంటూ ఆరతి రాసుకుంది. "ఒక్క లీఫే కదా అత్తా?"

"ఒక్కటే, ఒక్కటే. ఒక్కటి పోతేనే ఇంత గోల. ఇంకొకటి కూడానా!"

"సరి అత్తా, పెట్టేస్తా."

ఫారంలో నంబరు గడిలో 000166 అని, లీఫుల గడిలో 1 అని ఆరతి ముత్యాల్లాంటి అక్షరాలతో నింపింది. కోదండరాం గారు వేలు పెట్టి చూపించిన చోట అద్దాలు లేకుండానే సంతకం గీసేశారు. హరిచరణ్ కంప్యూటర్లో కొట్టి చూశాడు. ఆ నంబరు ఇంకా చెల్లలేదు.

"అదృష్టవంతులు బాబాయ్ గారూ. ఈ చెక్కు మీద ఎవరూ డబ్బు తీసుకోలేదు. ముందే తీసుకుని ఉంటే మేం చేయగలిగింది ఏం ఉండేది కాదు. ఇదిగో, ఆపేశాను. టైము పదకొండూ ఎనిమిది. మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. చార్జీ ఖాతాలోంచి పోతుంది."

కోదండరాం గారి ఫోను జేబులో ఒకసారి టింగుమంది. ఆయన తీసి చూడలేదు. చూసినా కనబడదు.

"సరి నాయనా. మరి కాగితం?"

"ఏ కాగితం అండి?"

"ఆపినాము అని కాగితం. నంబరు, తారీకు, టైము, సంతకం, ముద్దర."

"మెసేజ్ వచ్చిందిగా బాబాయ్ గారూ. ఈ ఫారం రెండో కాపీ మీద అందిందని స్టాంపు వేసిస్తాను. అది సరిపోద్ది."

"అందింది అంటే వేరే, ఆపినాము అంటే వేరే గదా?" అన్నారు కోదండరాం గారు మెత్తగానే. "రేపు ఎవడన్నా ఆ లీఫు తీసుకొచ్చి, ఇది ఈయనే నాకిచ్చినాడు, డబ్బు ఎగ్గొట్టినాడు అని కేసు ఏసినాడనుకో. పోయిందని ఈ తారీకున చెప్పినాము, ఈ టైముకి మీరు ఆపినారు అని నా చేతిలో కాగితం ఉండల్ల."

హరిచరణ్ ఆరతి వైపు చూశాడు. ఆరతి నవ్వు ఆపుకుంటూ, "ఆయన ఇవ్వందే లేవరు సార్," అంది.

ఆ మాట నిజమని బ్యాంకంతటికీ తెలుసు. హరిచరణ్ లెటరు టైపు చేసి, మేనేజరు పంకజం మేడం సంతకం కోసం లోపల పెట్టాడు. ఆవిడ ఎవరితోనో ఫోనులో ఉంది. మామాకోడళ్ళిద్దరూ గోడ వారగా ఉన్న కుర్చీల్లో కూచున్నారు. ఏసీ గాలికి కోదండరాం గారు తువ్వాలు మెడచుట్టూ చుట్టుకున్నారు. ఆరతి తనకి తెలియకుండానే లేచి, గాలి తగలని వైపు కుర్చీలోకి ఆయన్ని మార్చింది. ఈ పిల్ల మంచిదని ఆయన మనసులో ఇంకోసారి అనుకున్నారు.

"బోర్ కొడతా ఉందా అమ్మా?"

"లేదు మామా. మా నాన్న కూడా ఇట్టాగే. ఎలక్ట్రిసిటీ ఆఫీసుకి పోతే అక్కడి మనిషి పేరు కూడా రాసుకుని వస్తారు."

"అట్టనా!" కోదండరాం గారికి వియ్యంకుడి మీద పెళ్ళిలో కలగని గౌరవం ఇప్పుడు కలిగింది.

పన్నెండు దాటాక లెటరు వచ్చింది. బ్యాంకు పేరున్న కాగితం, కింద ఆకుపచ్చ సిరా సంతకం, పక్కన గుండ్రటి ముద్ర. ముద్ర తడి ఆరిందో లేదో కోదండరాం గారు వేలితో తాకి చూసుకున్నారు.

"చదువమ్మా. ఒక అక్షరం కూడా వదలొద్దు."

ఆరతి చదివింది. ఖాతా నంబరు చదివింది. పేర్లు చదివింది. "మీరు పోయిందని తెలిపిన చెక్కు నంబరు సున్నా సున్నా సున్నా ఒకటి ఆరు ఆరు..."

"మళ్ళీ సెప్పు."

"ఒకటి ఆరు ఆరు. నూట అరవై ఆరు మామా."

కోదండరాం గారి ముఖంలో నవ్వు అలాగే ఉండి, కళ్ళలోంచి మాత్రం జారిపోయింది.

"అరవయ్యారు కాదమ్మా. అరవై ఆరున్నొకటి."

"అదే మామా. అరవై ఆరు, ఒకటి. నంబరు అరవై ఆరు, లీఫు ఒకటి. అత్త ఒక్కటే అని చెప్పినారు కదా?"

"అరవయ్యారు రాసాత్తి బిడ్డది! కాలేజీకి ఇచ్చింది! పోయింది దాని తరవాతిది!"

ఆరతికి ఒక క్షణం ఏమీ బోధపడలేదు. ఆరు కాదట, ఆరున్నొకటట. ఆరూ ఒకటీ కలిపితే...

"ఏడా మామా? ఏడుకి ఆరున్నొకటి అంటారా మీరు?"

బ్యాంకు మధ్యలో ఆ మాట వినేసరికి కోదండరాం గారు అలవాటు కొద్దీ రెండు చెవులూ మూసుకోబోయి, చేతిలో లెటరుందని ఆగిపోయారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ ఇంట్లో ఆ అంకె లేదు. తూకం వేసేటప్పుడు ఒకటిని లాభం అంటారు. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆ తరవాత ఆరున్నొకటి, ఎనిమిది. దాని అసలు పేరులో శోకం ఉంది కనక, వ్యాపారం చేసుకునే ఇంట్లో ఆ మాట నోట రాకూడదని కోదండరాం గారి తల్లి మంగమ్మకి కాపురానికొచ్చిన రోజే చెప్పింది. మంగమ్మ నలభై ఆరేళ్ళుగా దాటలేదు. అంబత్తూరులో పెరిగిన ఆరతి ఫ్లాటు నంబరైనా, బస్సు నంబరైనా తమిళంలోనో ఇంగ్లీషులోనో చెప్పుకుంటూ వచ్చింది. ఈ నాలుగు నెలల్లో ఎవరూ ఆమెకి ఆ సంగతి చెప్పలేదు. చెప్పాలంటే ఆ మాట అనాలిగా మరి.

ఆరతికి ఇప్పుడు లెక్క కుదిరింది. పోయిన లీఫు హాయిగా ఊళ్ళో తిరుగుతోంది. తను ఆపించినది రాసాత్తి కూతురి చెక్కుని. ముత్యాల్లాంటి అక్షరాలతో తానే ఆపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, అది సమయం కాదని పెదవి కొరుక్కుని కౌంటరు దగ్గరికి పరుగెత్తింది.

"సార్, తప్పయిపోయింది. నంబర్ తప్పు రాసేశాను. ఒన్ సిక్స్ సెవెన్ పోయింది. ఒన్ సిక్స్ సిక్స్ మేమే ఇచ్చిన చెక్కు. ఇవాళ క్లియరింగ్‌కి వస్తుంది."

హరిచరణ్ ముందు అర్థం కాక, తరవాత "ఆరున్నొకటి" అన్న మాట విని, "అయ్యో, మా అమ్మమ్మ కూడా అంతేనండి!" అని నవ్వబోయాడు. ఆ పిల్ల ముఖం చూసి నవ్వు మింగేశాడు. చకచకా తమ బ్యాంకుకి చెల్లింపుకని వచ్చిన చెక్కుల వరస తెరిచి చూశాడు.

"ఇంకా రాలేదమ్మా. కానీ ఈ మధ్య పొద్దున వేసిన చెక్కు సాయంత్రంలోపలే తేలిపోతోంది. ఏ నిమిషంలోనైనా రావచ్చు. వచ్చిందంటే స్టాప్ ఉంది కాబట్టి తిరుగుతుంది. ఖాతాదారు ఆపమన్నారు అన్న కారణంతో తిరుగుతుంది."

డబ్బు లేక తిరగడం కాదు. ఇచ్చినవాళ్ళే వద్దన్నారని తిరగడం. రాసాత్తి ఏమనుకుంటుంది? ఫీజు కడతానని మాటిచ్చిన అమ్మ రెండు రోజులకే మనసు మార్చుకుందని అనుకుంటుంది. కోదండరాం గారు కౌంటరు బల్లని రెండు చేతులా పట్టుకున్నారు.

"ఏం సెయ్యల్లో సెప్పు నాయనా. ఎక్కడ పెట్టల్ల సంతకం?"

"రెండు పనులండి. పోయిన చెక్కు ఆపడం ఇప్పుడే చేసేస్తా. దానికి మీ సంతకం చాలు. ఫోన్‌లో అమ్మగారిని ఇంకోసారి నంబరు అడిగి ఖాయం చేసుకోండి. రెండోది, ముందు పెట్టిన స్టాప్ తీయడం. తీయడానికి మాత్రం ఇద్దరూ సంతకం పెట్టాలి. అమ్మగారు రావాలండి."

ఆరతి ఫోను కలిపింది. "అత్తా, నూట అరవై తరవాత వచ్చే అంకె ఏమి? సరిగ్గా చెప్పండి."

"సెప్పినా గదమ్మా, ఆరున్నొకటి."

"సెవెనా?"

ఇంగ్లీషు మాటకి ఆ దోషం అంటుతుందో అంటదో మంగమ్మ ఆలోచించుకున్నట్టుంది.

"ఆఁ. నువ్వనిందే," అంది చివరికి.

"అత్తా, నేను తప్పు రాసేశాను. రాసాత్తక్క చెక్కు ఆపించేశాను. మీరు సీక్రం రండి. చెక్ బుక్, మామ అద్దాలు తీసుకుని రండి. సంతకం పెట్టాలి."

కొత్త ఫారంలో ఆరతి ఈసారి అంకెలూ రాసింది, అక్షరాల్లోనూ రాసింది, రాసింది హరిచరణ్‌కి వినిపించి మామగారి చేత సంతకం పెట్టించింది. పన్నెండూ ఇరవై రెండుకి అసలు చెక్కు ఆగింది. అక్కడికి సగం పని.

మిగిలిన సగం ఆటోలో రావాలి. కొత్తవాల్ చావడి నుంచి బ్యాంకుకి నడిస్తే పది నిమిషాలు, ఆటోలో అయితే పావుగంట. దారిలో తోపుడుబళ్ళు, మూటలు దించే లారీలు, వాటి మధ్యలో ఎవరి ఆవో ఒకటి. ఆరతి గుమ్మం దగ్గర నిలబడి వీధి వైపు చూస్తోంది. హరిచరణ్ రెండు నిమిషాలకోసారి ఆ చెక్కుల వరస తెరిచి, తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇంకా రాలేదని దాని అర్థం. కోదండరాం గారు కుర్చీలో కూచోలేదు. ఆరతి దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"మామా, సారీ."

"నీదేముందమ్మా. నువ్వు విన్నదే రాసినావు."

"లేదు మామా. ఇంకోసారి అడిగి ఉండాలి."

"అడిగినావు గదా. ఒకటే గదా అంటే ఒకటే అనింది. నలభై ఆరేండ్లుగా మేమిద్దరం ఒకరికొకరు అర్థమైపోతా ఉండాము. కొత్తగా ఒక మనిషి ఇంట్లోకి వచ్చినప్పుడు విడమరిచి చెప్పాలనే గ్యానం మాకు లేదు."

మంగమ్మ ఆటోలో రాలేదు. నడిచే వచ్చింది. ఆపరేషన్ చేసినవాళ్ళు ఇచ్చిన నల్లటి అద్దాలు పెట్టుకుని, చెక్కు పుస్తకమున్న గుడ్డసంచీ చంకలో ఇరికించుకుని, దారిలో ఎవరినీ పలకరించకుండా వచ్చింది. ఆ వీధిలో ఆవిడ పలకరించకుండా పోవడం ఎవరూ చూసి ఉండరు.

"ఆటో ఆగిన చోటే నిలబడింది. దిగేసినా," అంది ఆయాసపడుతూ. "యాడ, యాడ పెట్టల్ల?"

హరిచరణ్ చెక్కు పుస్తకం ముందున్న పట్టీ తీసి చూశాడు. 166 ఎదురుగా కాలేజీ పేరు. 167 ఎదురుగా ఆస్పత్రి. తృప్తిగా తల ఊపి, స్టాప్ తీయమని రాసే ఉత్తరం ఆరతి ముందు పెట్టాడు.

ఆరతి రాయడం మొదలుపెట్టింది. నంబరు రాసింది. కారణం దగ్గరికి వచ్చి, "నేను చెక్కు నంబరు తప్పుగా రాసినందువల్ల" అని రాయబోయింది. కొత్త కన్నుతో మంగమ్మ ఆ గీతలన్నీ వంగి చూస్తోంది.

"అట్ట రాయద్దు."

"మరి ఏమి రాసేది అత్తా?"

"మేం చెప్పడం తప్పు అని రాయి. నేను చెప్పడం తప్పు. కాగితం ముద్దరేసుకుని ఫైల్లో ఉంటాది. అందులో నీ తప్పు అని ఎందుకు ఉండల్ల?"

హరిచరణ్ మధ్యలో కలగజేసుకుని, "ఎవరిదీ వద్దండి. నంబరు పొరపాటుగా తెలియజేసినందున, అని రాయండమ్మా, చాలు," అన్నాడు. ఆరతి అలాగే రాసింది. కోదండరాం గారు అద్దాలు పెట్టుకుని, మొత్తం ఉత్తరం రెండుసార్లు చదివి సంతకం చేశారు. మంగమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చేసింది. ఆవిడ సంతకం ఎప్పుడూ నిదానమే. ఇవాళ ఆ నిదానం ముగ్గురి ప్రాణాలూ తోడేసింది.

హరిచరణ్ నమూనా సంతకాలతో సరిచూశాడు. పంకజం మేడం స్వయంగా లోపల్నుంచి వచ్చి తన పాస్‌వర్డు కొట్టింది. పన్నెండూ యాభై ఆరుకి నూట అరవై ఆరు మీది స్టాప్ తొలగింది. ఒంటిగంటా పదికి ఆ చెక్కు వచ్చి వరసలో నిలబడింది.

"వచ్చిందండి," అన్నాడు హరిచరణ్. చొక్కా చేతికి నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఏసీ మాత్రం బాగానే పనిచేస్తోంది.

"కాగితం..." అన్నారు కోదండరాం గారు కొంచెం సిగ్గుపడుతూ.

"రెండు కాగితాలిస్తా బాబాయ్ గారూ," అన్నాడు హరిచరణ్. "మీరు ఇందాక కాగితం అడగకుండా వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తోంది. ఆపింది ఒక దానిమీద, తీసింది ఒక దానిమీద. రెండిట్లోనూ నంబరు అంకెల్లోనూ రాస్తా, అక్షరాల్లోనూ రాస్తా."

"అక్షరాల్లో వద్దులే," అంది మంగమ్మ వెంటనే. తరవాత కాసేపు ఆలోచించింది. "సరి, రాయి. ఇంగ్లీషులోనే గదా."

ఇంటికొచ్చేసరికి రెండున్నర. ఆరతి అన్నం కెలికి వదిలేసింది. సంతకాలు చేశారు, స్టాప్ తీశారు, చెక్కు వరసలో ఉంది. అయినా చెల్లిందని మాట ఇంకా రాలేదు. కోదండరాం గారు రెండు ఉత్తరాలనీ ఫైల్లో పెట్టారు, తీశారు, చదివారు, మళ్ళీ పెట్టారు. మంగమ్మ కంట్లో మందు వేయించుకుని, కోడలి పక్కనే గచ్చు మీద కూచుంది. కింద మండీలోంచి చింతపండు పులుపు వాసన మెట్లెక్కి వస్తోంది. అక్కడ రాసాత్తి ఎప్పటిలాగే కూచుని గింజ తీస్తూ ఉంటుంది. ఆమెకి ఇదేదీ తెలియదు.

నాలుగు దాటాక కోదండరాం గారి ఫోను టింగుమంది. ఆయన అద్దాలు పెట్టుకునే లోపల ఆరతి లాక్కుంది.

"చెల్లింది మామా! 000166. నలభై రెండు వేలు. కాలేజీ పేరు కూడా ఉంది."

పది నిమిషాలు కాలేదు, మెట్ల మీద అడుగుల చప్పుడు. రాసాత్తి చేతులకి అంటిన చింతపండు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆనందంలో సగం తమిళం, సగం తెలుగు. "అమ్మా, కాలేజీ నుంచి పాప ఫోన్ పోట్టుచ్చు. సీటు ఖాయం చేసినారంట. బుధవారం నుంచి రమ్మన్నారంట." మంగమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. మంగమ్మ చేతులు పట్టుకుని ఆపింది.

"నాకెందుకే దణ్ణం? పొద్దున్నించి పరుగెత్తింది ఈ పిల్ల," అని ఆరతిని చూపించింది. తప్పు ఎవరిదో చెప్పలేదు. ఏం జరిగిందో కూడా చెప్పలేదు.

రాసాత్తి ఆరతి రెండు చేతులూ పట్టుకుని, కళ్ళకద్దుకుని, వచ్చినంత వేగంగానే కిందికి దిగిపోయింది. ఆరతి ఆ చేతులు చాపినవి చాపినట్టే నిలబడిపోయింది. పొద్దుటి నుంచీ బిగపట్టుకున్న నీళ్ళన్నీ కళ్ళలోకి వచ్చేశాయి. నిమిషాల తేడా. రాసాత్తి కూతురి బతుకు నిమిషాల తేడాతో తన చేతిరాత కింద నలిగిపోయేది. ఈ ఇంట్లో ఆ మాటే పనికిరాదంటే, ఆ పని అసలే పనికిరాదని ఆమెకి ఇవాళే తెలిసింది. అందుకని ముఖం గోడ వైపు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడింది.

మంగమ్మ లేచి వచ్చింది. కోడలి తల భుజానికి ఆనించుకుంది. నల్ల అద్దాలు తీసి పక్కన పెట్టింది. ఇంకో చేత్తో ఆ పిల్ల వీపు నిమిరింది.

ఫైలు ముడి వేస్తున్న కోదండరాం గారు తలెత్తి చూశారు. నలభై ఆరేళ్ళలో తన భార్య నోట ఆయన ఒక్కసారీ వినని మాట అది. మంగమ్మ దాన్ని మెత్తగా, పక్కన ఇంకెవరూ లేనట్టు, కోడలి చెవిలో అంది.

"ఏడు తల్లీ. ఏడు."